‘సైట్ రావట్లేదు’ అంటూ సగం కోసిన స్క్రీన్‌షాట్: ఫీజు మళ్లీ కట్టాలా, ఆగాలా?

2025 ఫిబ్రవరి 10 రాత్రి 9.40కి మా బాబాయి కూతురు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. తెల్లటి స్క్రీన్ మీద బూడిద రంగులో ఒకే ఒక్క ఇంగ్లిష్ ముక్క:

took too long to respond.

పైన ఏముందో, కింద ఏముందో కత్తిరించేసింది. వెనకే మెసేజ్: ‘‘అక్కా, సైట్ రావట్లేదు. పరీక్ష ఫీజుకి ఈరోజే లాస్ట్. మళ్లీ కట్టమంటావా?’’

ఫీజు 1,200 రూపాయలు. గడువు రాత్రి 11.59 వరకు. అంటే రెండు గంటల ఇరవై నిమిషాల్లో ఏదో ఒకటి తేలాలి.

ప్రభుత్వ సేవల గురించి రాసే ఈ కాలమ్‌కు పాఠకులు పంపే ఫొటోల్లో చాలా వరకు ఇలాంటివే. ఏ యాప్‌లో వచ్చిందో ఉండదు. అంతకు ముందు ఏం నొక్కారో ఉండదు. ఫోన్ ఏదో, వెర్షన్ ఏదో ఉండదు. అలాంటి ఫొటో చూసి ‘క్యాచీ క్లియర్ చేయండి’, ‘నెట్ ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అని చెప్పేయడం తేలికే. డబ్బుతో ముడిపడిన చోట మాత్రం ఆ సలహా ముంచేస్తుంది. అందుకే ఆ రాత్రి ఒక్క ముక్క నుంచి మొదలుపెట్టి ఎలా ముందుకు వెళ్లామో వరసగా చెబుతాను.

ముందు తేల్చాల్సింది: ఈ మాట అంటున్నది ఎవరు?

ఫోన్‌లో మనం ఒక పేజీ తెరవడం వెనుక కనీసం ముగ్గురు ఉంటారు. ఒకటి, ఫోన్‌లోని బ్రౌజర్. రెండు, ప్రభుత్వ శాఖ సైట్ ముందు నిలబడి వచ్చిన వాళ్లను లోపలికి పంపే సర్వర్. మూడు, లోపల ఫారాలు, ఫీజులు చూసుకునే అసలు సాఫ్ట్‌వేర్. ముగ్గురిలో ఎవరికి ఇబ్బంది వచ్చినా మనకు కనిపించేది ఒక తెల్ల పేజీయే. కానీ ముగ్గురి మాట తీరు వేరు. కోసిన ఫొటోలో మిగిలే ఆధారం ఆ మాట తీరే.

ఉదాహరణకు 504 Gateway Time-out అని పేజీ మధ్యలో పెద్ద అక్షరాల్లో ఉండి, Time-out మధ్యలో అడ్డగీత ఉంటే, అది ఎన్‌జిన్‌ఎక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ మాట. అదే ఇబ్బందికి అపాచీ సర్వర్ అడ్డగీత లేకుండా Gateway Timeout అని రాస్తుంది. Server Error in '/' Application. అని ఎర్ర అక్షరాల్లో వస్తే, అది మైక్రోసాఫ్ట్ ఏఎస్‌పీ డాట్ నెట్‌తో కట్టిన సైట్ లోపలి నుంచి వచ్చిన మాట. ఇవన్నీ అవతలి వైపు మాటలు. ఇవి కనిపించాయంటే మీ ఫోన్ నుంచి బయల్దేరిన అభ్యర్థన అవతలి గడప దాకా చేరిందని అర్థం. మీ నెట్‌ను అనుమానించక్కర్లేదు.

మరి took too long to respond ఎవరిది? ఇది క్రోమ్ బ్రౌజర్ వాక్యం. దీని ముందు సైట్ పేరు ఉంటుంది. ఫోన్ స్క్రీన్ ఇరుకు కాబట్టి పొడవాటి సైట్ పేరు పై వరసలో ఉండి, ఈ ముక్క కింది వరసకు దిగింది. కోతలో పై వరస పోయింది. ఐఫోన్‌లోని సఫారీ అయితే ఇలా అనదు. అది Safari can't open the page అంటూ తన పేరుతోనే మొదలుపెడుతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లో తెరుచుకున్న వెబ్ పేజీ అయితే సాధారణంగా Webpage not available అని వస్తుంది. కాబట్టి ‘ఏ సాఫ్ట్‌వేర్’ అనే ప్రశ్నకు ఆ ఒక్క ముక్కే దాదాపు జవాబు చెప్పేసింది. క్రోమ్, లేదా క్రోమ్ ఇంజిన్ మీద నడిచే మరో బ్రౌజర్.

ఇంకో చిన్న ఆనవాలు కూడా ఉంది. ఫోన్ భాష తెలుగులో పెట్టుకుంటే క్రోమ్ తన పేజీలను తెలుగులోనే చూపిస్తుంది, చివరి కోడ్ మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. సర్వర్ నుంచి వచ్చే పేజీ సాధారణంగా ఫోన్ భాషను బట్టి మారదు. తెలుగు వాక్యం కింద ఇంగ్లిష్ పెద్ద అక్షరాల కోడ్ కనిపిస్తే మాట్లాడుతున్నది బ్రౌజరే అని చాలా వరకు నమ్మొచ్చు.

ఒకే వాక్యం, రెండు కథలు

అసలు చిక్కు ఇక్కడే. క్రోమ్ ఈ వాక్యాన్ని రెండు వేర్వేరు సందర్భాల్లో వాడుతుంది.

మొదటి సందర్భంలో పైన This site can't be reached అనే శీర్షిక, అడుగున ERR_CONNECTION_TIMED_OUT అనే కోడ్ ఉంటాయి. ఫోన్ సైట్‌ను పిలిచింది, అవతల ఎవరూ పలకలేదు, కనెక్షనే కుదరలేదు అని దాని అర్థం. ఆఫీసు గేటు దగ్గరికే మనం చేరలేదన్నమాట. చేతిలోని కాగితం చేతిలోనే ఉంది.

రెండో సందర్భంలో శీర్షిక This page isn't working. కోడ్ HTTP ERROR 504. మధ్యలో వాక్యం మాత్రం అక్షరం తేడా లేకుండా అదే. ఇక్కడ కనెక్షన్ కుదిరింది. కౌంటర్‌లో కూర్చున్న మనిషి మన కాగితం తీసుకుని లోపలికి పంపాడు. కాసేపు చూశాడు. లోపలి నుంచి కదలిక లేదు. ‘లోపల్నుంచి జవాబు రాలేదండీ’ అని మనల్ని పంపేశాడు. ఆ ‘కాసేపు’ ఎంతో సర్వర్ సెట్టింగ్ నిర్ణయిస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఎవరూ మార్చకపోతే అది 60 సెకన్లు.

కౌంటర్‌లోని మనిషి విసిగిపోయినంత మాత్రాన లోపలి గుమస్తా పని ఆపేసినట్టు కాదు. 61వ సెకనులో ఆయన మన ఫారం మీద ముద్ర వేసి ఉండొచ్చు. ఆ విషయం మనకు చెప్పేవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు. 504 చూసి ‘ఫెయిల్ అయింది’ అనుకోవడం అందుకే తప్పు. అది వైఫల్యం కబురు కాదు, జవాబు అందలేదన్న కబురు మాత్రమే.

మొదటిదైతే కొంత ధైర్యంగా మళ్లీ ప్రయత్నించొచ్చు. రెండోదైతే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. చెల్లెలి ఫొటోలో ఈ రెంటినీ వేరు చేసే రెండు వరసలూ కోతలో పోయాయి.

కోసిన అంచున ఏం మిగిలింది

ఫొటోను పెద్దది చేసి చూశాను. వాక్యం కింద, సరిగ్గా ఫొటో అంచు దగ్గర, ఇంకో వరస అక్షరాల నెత్తులు సన్నగా కనిపిస్తున్నాయి.

మొదటి రకం పేజీలో ఈ వాక్యం తర్వాత వచ్చేది Try: అనే చిన్న మాట, దాని కింద Checking the connection లాంటి సలహాలు. కోడ్ ఆ తర్వాత వస్తుంది. రెండో రకంలో సలహాలేమీ ఉండవు, వాక్యం కిందే HTTP ERROR 504 వస్తుంది. ఫొటోలో కనిపిస్తున్న నెత్తులన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి, వరస కూడా కాస్త పొడవుగా సాగింది. అంటే అన్నీ పెద్ద అక్షరాలు. Try: అయితే ఎడమ మూల రెండు మూడు గీతల్లోనే అయిపోవాలి.

504 వైపే మొగ్గు కనిపించింది. కానీ అంచున మిగిలిన గీతలను చూసి 1,200 రూపాయల నిర్ణయం చెప్పలేను. అసలు ఫొటో కావాలి.

‘‘కోయకముందు ఫొటో గ్యాలరీలో ఉందా? ఉంటే ఫొటోలా కాదు, డాక్యుమెంట్‌లా పంపు’’ అన్నాను.

డాక్యుమెంట్‌గా ఎందుకంటే, మామూలుగా ఫొటో పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, ఫైల్ పేరు కూడా మార్చేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే అసలు పేరు అలాగే వస్తుంది. స్క్రీన్‌షాట్ ఫైల్ పేరులో చాలామంది గమనించని సమాచారం ఉంటుంది. చెల్లెలు పంపిన ఫైల్ పేరు ఇది:

```
Screenshot_2025-02-10-21-31-07-512_com.android.chrome.jpg
```

తేదీ, రాత్రి 9 గంటల 31 నిమిషాల 7 సెకన్లు, ఆ క్షణంలో తెరపై ఉన్న యాప్ క్రోమ్. షావోమీ ఫోన్లు ఇలా యాప్ పేరు కూడా రాస్తాయి. శాంసంగ్‌లోనూ చివర్లో Chrome లాంటి పేరు వస్తుంది. అన్ని కంపెనీలూ యాప్ పేరు రాయవు కానీ, తేదీ, సమయం చాలా ఫోన్లలో ఉంటాయి. ‘ఏ సాఫ్ట్‌వేర్, ఎప్పుడు’ అని మనిషిని అడిగితే ‘ఇందాకే, ఫోన్‌లో’ అంటారు. ఫైల్ పేరు సెకన్లతో సహా చెబుతుంది.

గ్యాలరీలో కత్తిరిస్తే చాలా ఫోన్లు కోసినదాన్ని వేరే ఫైల్‌గా దాచి, అసలుదాన్ని ఉంచుతాయి. స్క్రీన్‌షాట్ తీసిన వెంటనే మూలన వచ్చే చిన్న బొమ్మ మీదే కత్తిరించి సేవ్ చేస్తే మాత్రం అసలుది దొరక్కపోవచ్చు.

అసలు ఫొటో వచ్చాక రెండు విషయాలు ఖాయమయ్యాయి. అడుగున HTTP ERROR 504 ఉంది. పైన అడ్రస్ బార్‌లో ఉన్నది ఫీజు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే పేరు కాదు, పరీక్ష నిర్వహించే శాఖ సైట్ పేరు. మొదటిది ఎవరు మాట్లాడారో చెప్పింది. రెండోది ఎక్కడ ఆగిందో చెప్పింది.

పిన్ కొట్టకముందా, కొట్టాకా?

ఆన్‌లైన్ ఫీజు ఒకే పేజీలో జరిగే పని కాదు. శాఖ సైట్‌లో ‘పే’ నొక్కుతాం. అక్కడి నుంచి పేమెంట్ గేట్‌వే పేజీకి వెళ్తాం. యూపీఐ యాప్ తెరిచి పిన్ కొడతాం. డబ్బు కదులుతుంది. గేట్‌వే మన బ్రౌజర్‌ను మళ్లీ శాఖ సైట్‌కు తిప్పి పంపుతుంది. అప్పుడు శాఖ సైట్ ‘ఫీజు అందింది’ అని రాసుకుని రసీదు చూపిస్తుంది. సాధారణంగా గేట్‌వే ఈ కబురును మన బ్రౌజర్ ద్వారానే కాకుండా సర్వర్ నుంచి సర్వర్‌కు నేరుగా కూడా పంపుతుంది. మధ్యలో మన ఫోన్ ఆగిపోయినా లెక్క కలవడానికే ఆ రెండో దారి.

శాఖ సైట్ ఈ ప్రయాణంలో రెండుసార్లు వస్తుంది, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. ఒకే సైట్, ఒకే 504. మొదట్లో వస్తే డబ్బు ఇంకా మన ఖాతాలోనే ఉంది. చివర్లో వస్తే డబ్బు వెళ్లిపోయి, రసీదు దగ్గర ఆగింది. ఫొటో మొత్తం ఉన్నా ఈ తేడా తెలియదు. మనిషిని అడగాల్సిందే.

అడిగే పద్ధతి కూడా ముఖ్యం. ‘ఏం చేశావ్?’ అంటే ‘ఫీజు కట్టాను, ఎర్రర్ వచ్చింది’ అనే జవాబు వస్తుంది. దానివల్ల ఏమీ తేలదు. అందుకే నేను అడిగింది ఒక్కటే: ‘‘ఈ పేజీ వచ్చింది యూపీఐ పిన్ కొట్టకముందా, కొట్టాకా?’’

‘‘కొట్టాక. టిక్ మార్క్ వచ్చింది, తర్వాత తెల్లగా తిరుగుతూ ఉండి ఇది వచ్చింది.’’

‘‘యూపీఐ యాప్‌లో హిస్టరీ తెరువు. సక్సెస్ అని ఉందా? ఎన్ని గంటలకు?’’

‘‘సక్సెస్. 9.29.’’

లెక్క కుదిరింది. 9.29కి డబ్బు వెళ్లింది. బ్రౌజర్ శాఖ సైట్‌కు తిరిగి వచ్చింది. కొంతసేపు తిరిగాక 504 వచ్చింది. 9.31కి స్క్రీన్‌షాట్ తీసింది. ఆఖరి రోజు, ఆఖరి గంటలు, లోపలి సాఫ్ట్‌వేర్ మీద రద్దీ ఉండటంలో వింతేమీ లేదు.

ఒకవేళ అదే చోట 504 కాకుండా ERR_CONNECTION_TIMED_OUT వచ్చి ఉంటే? పిన్ కొట్టాక వచ్చింది కాబట్టి అప్పుడు కూడా మళ్లీ కట్టకూడదు. ఆ కోడ్ చెప్పేది తిరుగు ప్రయాణంలో బ్రౌజర్ గేటు దాకా చేరలేదని మాత్రమే. డబ్బు అంతకు ముందే వెళ్లింది. నా దృష్టిలో ఇలాంటి ఫొటోల్లో కోడ్ కన్నా విలువైన సమాచారం ఈ ‘ముందా, తర్వాతా’ అన్నదే. విచిత్రం ఏమిటంటే అది ఏ స్క్రీన్‌షాట్‌లోనూ ఉండదు.

మళ్లీ కడితే పోయేదేముంది?

చెల్లెలి వాదన ఇదీ: ‘‘రెండోసారి కట్టేస్తా. ఒకటి ఎక్కువైతే అదే వెనక్కి వస్తుంది కదా.’’

చాలామంది అనుకునేది ఇదే. దీనికి మూలం ఆర్‌బీఐ 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన సర్క్యులర్. యూపీఐలో వ్యాపారికి చెల్లించినప్పుడు మన ఖాతాలో డబ్బు తగ్గి, అవతలి వాళ్లకు నిర్ధారణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా దానంతట అదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ నిబంధన నిజమే. కానీ అది వర్తించేది విఫలమైన లావాదేవీకి.

రెండుసార్లు కడితే, రెండుసార్లూ అవతల అందితే, అందులో విఫలమైనది ఏదీ లేదు. బ్యాంకు దృష్టిలో రెండూ విజయవంతమైన చెల్లింపులే. ఆ రెండో 1,200 దానంతట అది రాదు. శాఖకు రిఫండ్ దరఖాస్తు పెట్టుకోవాలి, వాళ్ల నిబంధనలు ఒప్పుకుంటేనే వస్తుంది. ‘కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అనే వాక్యం ఎన్ని నోటిఫికేషన్లలో ఉంటుందో పరీక్షలు రాసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

రీలోడ్ బటన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 504 పేజీలో కనిపించే ఒకే ఒక్క బటన్ అది, చెయ్యి దాని మీదకే వెళ్తుంది. ఫారం పంపాక వచ్చిన పేజీని రీలోడ్ చేయబోతే క్రోమ్ Confirm Form Resubmission అని అడగొచ్చు. మీరు ఇందాక పంపినదే మళ్లీ పంపమంటారా అని దాని ప్రశ్న. బాగా కట్టిన సైట్లు ఒకే లావాదేవీ రెండోసారి వస్తే గుర్తుపట్టి పక్కన పెడతాయి. అన్నీ అలా కట్టి ఉంటాయని నమ్మి బటన్ నొక్కడం మాత్రం నేను చేయను.

ఆ రాత్రి మేం చేసింది ఇది. ఆ పేజీని అలాగే వదిలేసి, కొత్త ట్యాబ్‌లో శాఖ సైట్ తెరిచి, మళ్లీ లాగిన్ అయి, పేమెంట్ స్టేటస్ చూడమన్నాను. 10 గంటలకు ‘పెండింగ్’ అని ఉంది. ‘ఫెయిల్డ్’ అనలేదు, ‘నాట్ పెయిడ్’ అనలేదు. పెండింగ్ అంటే ఒక లావాదేవీ మొదలైందని శాఖ సైట్‌కు తెలుసు, దాని ఫలితమే ఇంకా తెలియదు. గేట్‌వే నుంచి నేరుగా రావాల్సిన కబురు కోసం ఆగొచ్చు.

ఎంతసేపు? ఇక్కడ సాంకేతికం అయిపోయింది, మిగిలింది బేరీజు. పరీక్ష అవకాశం పోవడం కన్నా 1,200 పోవడం చిన్న నష్టం. అందుకే 11.15 దాకా చూసి, అప్పటికీ పెండింగే ఉంటే, సైట్ మళ్లీ కట్టనిస్తే, నష్టమని తెలిసే రెండోసారి కట్టేద్దాం అనుకున్నాం. మరీ 11.50 దాకా ఆగితే ఇంకో 504 వచ్చే ప్రమాదం ఉంది. గడువుకు ఇంకా మూడు రోజులు ఉండి ఉంటే ‘రేపు పొద్దున చూద్దాం, పడుకో’ అనేదాన్ని.

10.50కి స్టేటస్ ‘పెయిడ్’కు మారింది. రసీదు డౌన్‌లోడ్ అయింది.

వెర్షన్ ఎప్పుడు అడగాలి?

ఈ కేసులో ఫోన్ వెర్షన్ గానీ, క్రోమ్ వెర్షన్ గానీ నేను అడగనే లేదు. సర్వర్ లోపల ఆగిన పనికి ఫోన్ వెర్షన్‌తో సంబంధం లేదు. హెల్ప్‌డెస్క్‌లు మొదట అడిగేది మాత్రం సాధారణంగా అదే.

వెర్షన్ నిజంగా అవసరమయ్యే కోడ్లు వేరే ఉన్నాయి. కోసిన ఫొటోలో NET::ERR_CERT_AUTHORITY_INVALID కనిపించిందనుకోండి. సైట్ చూపించిన భద్రతా సర్టిఫికెట్ మీద ఉన్న సంతకాన్ని ఈ ఫోన్ గుర్తుపట్టలేదని అర్థం. సైట్ సర్టిఫికెట్‌ను సరిగా పెట్టకపోవడం కారణం కావచ్చు. ఆఫీసు లేదా హోటల్ వైఫై మధ్యలో దూరడం కావచ్చు. ఫోన్ పాతదైనా కావచ్చు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లను చాలా సైట్లు వాడతాయి. ఆ సంస్థ సొంత సంతకం ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా పాత ఫోన్లలో లేదు. చాలాకాలం ఇంకో పాత సంస్థ సంతకం అరువు తెచ్చుకుని నెట్టుకొచ్చారు, ఆ అరువు గడువు 2024 సెప్టెంబర్‌తో తీరింది. కాబట్టి అదే సైట్ కొత్త ఫోన్‌లో తెరుచుకుని, ఇంట్లో పెద్దాయన దగ్గరున్న పాత ఫోన్‌లో మాత్రం ఈ కోడ్ చూపిస్తే, అప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఆండ్రాయిడ్ వెర్షనే. అంతకన్నా ముందు ఒకసారి వైఫై ఆపి మొబైల్ డేటాతో తెరిచి చూస్తే మధ్యలో దూరిన వాళ్లెవరైనా ఉన్నారేమో తేలిపోతుంది.

ఏది కోయాలి, ఏది ఉంచాలి?

‘‘అంత గట్టిగా ఎందుకు కోశావే?’’ అని తర్వాత అడిగితే, ‘‘పైన నా రిజిస్ట్రేషన్ నంబర్ కనిపిస్తోందక్కా’’ అంది. తప్పు పట్టలేం. ఆధార్, ఫోన్ నంబర్ ఉన్న స్క్రీన్‌ను అలాగే గ్రూపుల్లో పెట్టేసేవాళ్ల కన్నా తను చేసింది చాలా నయం.

అయితే కత్తెర వేసే చోటు వేరు. అడ్రస్ బార్‌లో సైట్ పేరు, అంటే మొదటి ఏటవాలు గీత వరకు ఉన్న భాగం, ఉంచాలి. ఆ తర్వాత, ముఖ్యంగా ప్రశ్నార్థకం గుర్తు వెనుక వచ్చే అంకెలు, అక్షరాల్లో రిజిస్ట్రేషన్ నంబరో, లాగిన్‌కు సంబంధించిన కోడో ఉండొచ్చు. వాటిని నల్లగా మూసేయాలి. పైన ఫోన్ గడియారం ఉంచాలి. కింద కోడ్ వరసను ఎట్టి పరిస్థితుల్లోనూ కోయకూడదు, అందులో వ్యక్తిగతం ఏమీ ఉండదు. మూసేటప్పుడు పారదర్శకంగా ఉండే హైలైటర్ వాడొద్దు, కింద అక్షరాలు కనిపిస్తాయి. కోతను గుడ్డిగా నమ్మలేమనడానికి ఒక ఉదాహరణ కూడా ఉంది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో కత్తిరించిన స్క్రీన్‌షాట్ల నుంచి కోసేసిన భాగాన్ని కొంతవరకు తిరిగి రాబట్టొచ్చని 2023 మార్చిలో బయటపడింది, తర్వాత దాన్ని సరిచేశారు.

పూర్తి స్క్రీన్‌షాట్‌నైనా, లావాదేవీ నంబర్‌నైనా సోషల్ మీడియాలో శాఖ పోస్టు కింద కామెంట్‌గా పెట్టకండి. అలాంటి కామెంట్ల కోసమే కాచుకుని ‘కస్టమర్ కేర్’ అంటూ ఫోన్ చేసే మోసగాళ్లున్నారు. అలా డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. శాఖ సైట్‌లోనే ఇచ్చిన ఫిర్యాదు ఫారం లేదా ఈమెయిల్ వాడండి.

ఆ ఫిర్యాదులో ఏం రాయాలి? చెల్లెలి విషయంలో స్టేటస్ మారకపోతే పంపాలని మేం రాసి పెట్టుకున్నది ఇది: ‘‘10-02-2025 రాత్రి 9.29కి యూపీఐ ద్వారా రూ.1,200 చెల్లించాను. పేమెంట్ పూర్తయి మీ సైట్‌కు తిరిగి వచ్చేటప్పుడు, 9.31కి ముందు, HTTP ERROR 504 వచ్చింది. స్టేటస్ పెండింగ్ అని చూపిస్తోంది. రిజిస్ట్రేషన్ నంబర్, 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్ కింద ఇస్తున్నాను. స్క్రీన్‌షాట్ జతచేశాను.’’

ఇందులో అన్నిటికన్నా పనికొచ్చేది ఆ 9.31. సైట్ చూసుకునే సాంకేతిక సిబ్బంది ఆ నిమిషంలోని లాగ్ తెరుస్తారు. ముందున్న సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ అయితే, 504 వెనుక సాధారణంగా ఈ రెండు మాటల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది:

```
upstream timed out (110: Connection timed out) while connecting to upstream
upstream timed out (110: Connection timed out) while reading response header from upstream
```

మొదటిదైతే కౌంటర్ మనిషి లోపలి గుమస్తాను పిలిచాడు, ఆయన తలుపే తీయలేదు. కాగితం లోపలికి వెళ్లలేదు. రెండోదైతే తలుపు తీసి ఉంది, కాగితం లోపలికి వెళ్లింది, జవాబు మాత్రమే రాలేదు. మన ఫోన్‌లో రెంటికీ కనిపించేది ఒకే 504. ఫారం లోపలికి చేరిందా లేదా అన్నది స్క్రీన్‌షాట్ ఎంత పెద్దదైనా చెప్పలేదు. ఆ నిమిషం రాసి పంపితే అవతలి వాళ్లు చెప్పగలరు.